ఆటోలో పెట్టినా హెడ్‌లైట్లు వెలగవు, చినుకు పడినా వైపర్ కదలదు: లోపం ఎక్కడుందో మీరే కనిపెట్టడం ఎలా?

"ఆటోలోనే ఉంచాను, అయినా పొగమంచులో హెడ్‌లైట్లు వెలగలేదు." "చినుకులు పడుతున్నాయి, వైపర్ ఒక్కసారి ఊగి ఊరుకుంది." ఈ రెండు మాటలూ తరచూ వినిపిస్తాయి. వెనకే "సెన్సర్ పోయిందా, మార్చాలా?" అన్న ప్రశ్న వస్తుంది. చాలాసార్లు సెన్సర్ బాగానే ఉంటుంది. మీరు రోడ్డును చూస్తున్నారు, అది అద్దం మీద బొటనవేలంత జాగాను చూస్తోంది, తేడా అంతే. కొన్నిసార్లు మాత్రం నిజంగానే లోపం ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి ఓ అరగంట పడుతుంది. పెద్ద సామాను కూడా అక్కర్లేదు.

ముందు గుర్తుల సంగతి

స్విచ్ మీదో డాష్‌బోర్డు మీదో AUTO అని కనిపిస్తే, ఆ పనిని కారుకు అప్పగించారని మాత్రమే అర్థం. పని మొదలైందని కాదు. గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

హెడ్‌లైట్లు నిజంగా వెలిగాయని చెప్పేది ఆకుపచ్చ గుర్తు. ఇంగ్లీషు D అక్షరంలా ఉండే దీపం, దాని ముందు కిందికి వాలిన గీతలు ఉంటే అది లోబీమ్. రెండు చిన్న దీపాలు వీపు వీపు ఆనించి చెరోవైపు కిరణాలు చిమ్ముతున్నట్టు ఉంటే అవి పార్కింగ్ లైట్లు, వాటితోపాటే వెనక ఎర్ర దీపాలు. గీతలు అడ్డంగా, నీలం రంగులో ఉంటే హైబీమ్. కొన్ని కార్లలో లోబీమ్‌కు విడిగా గుర్తే ఉండదు, ఆ రెండు చిన్న దీపాల గుర్తే అన్నిటికీ సరిపెడుతుంది. మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో ఒకసారి చూసి పెట్టుకోండి.

హైబీమ్ గుర్తు పక్కన A అనే అక్షరం ఉంటే అది వేరే సదుపాయం. ఎదురుగా బండి వస్తే హైబీమ్‌ను తగ్గించి, పోయాక పెంచేది. చాలా కార్లలో ఆ పని చేసేది అద్దం వెనకున్న కెమెరా. కారు కొంత వేగం అందుకుంటే తప్ప అది పనిచేయదు. కారు ఆపి ఉంచి "ఆటో పనిచేయడం లేదు" అనుకునేవాళ్లలో కొందరు దీన్నే చూస్తుంటారు.

ఇంకో ఉచ్చు ఉంది. ఒకప్పుడు మీటర్ల బోర్డు చీకటిగా ఉంటే లైట్లు వేయలేదని తెలిసేది. ఇప్పుడు స్క్రీన్ పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. పగలు వాటంతటవే వెలిగే ముందు దీపాలు, అంటే పగటి దీపాలు కూడా రోడ్డు మీద కాస్త వెలుగు పరుస్తాయి. చాలా కార్లలో అవి వెలిగినప్పుడు వెనక దీపాలు వెలగవు. ముందు వెలుగు కనిపిస్తోందని మీరు వెళ్లిపోతుంటే, వెనక వచ్చేవాడికి మీ కారు నల్లటి ముద్దలా ఉంటుంది. కాబట్టి వెలుగును చూసి నమ్మకండి, ఆకుపచ్చ గుర్తును చూడండి.

వైపర్ల విషయంలో గుర్తులు ఇంకా తక్కువ. కొన్నిటిలో వైపర్ బొమ్మ పక్కన A గానీ AUTO గానీ వెలుగుతుంది. కొన్నిటిలో లివర్ చివరి బటన్ మీద చిన్న లైటు ఉంటుంది. చాలా కార్లలో ఏ గుర్తూ ఉండదు. లివర్‌ను ఆటోలోకి జరపగానే వైపర్ ఒకసారి ఊగితే, అదే గుర్తు. ఆ ఒక్క ఊపును గుర్తుంచుకోండి, కింద పదేపదే పనికొస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- కారు మాన్యువల్
- మామూలు నీళ్లు నింపిన స్ప్రే సీసా
- మందపాటి నల్లగుడ్డ, మూడు నాలుగు మడతలు వేయగలిగేంత
- టార్చి, ఫోను కెమెరా
- నూలు రాలని మెత్తటి గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- బయట నిలబడి చూడటానికి ఒక మనిషి

ఫాల్ట్ కోడ్లు చదివే స్కానర్ ఉంటే మంచిదే, కానీ దానితో మొదలుపెట్టకండి. మురికి అద్దానికీ, గాలి బుడగకూ తరచూ కోడ్ పడదు. కోడ్ లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటే అక్కడే దారి తప్పుతారు.

జాగ్రత్త: అద్దం మీద చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ వైపర్ లివర్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆటోలో ఉండగా తడిగుడ్డతోనో వేలితోనో సెన్సర్ ఉన్నచోట తుడిస్తే, దాన్ని వాన అనుకుని వైపర్ వచ్చి చేతిని కొడుతుంది.

ముందుగా హెడ్‌లైట్లు

1. వెలుగు చూసే సెన్సర్ ఎక్కడుందో వెతకండి. రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది. కొన్ని కార్లలో డాష్‌బోర్డు పైభాగాన, ముందు అద్దం అంచు దగ్గర చిన్న నల్లటి గుండీలా కనిపిస్తుంది. మిగతావాటిలో రియర్‌వ్యూ అద్దం వెనక, వాన సెన్సర్ ఉన్న పెట్టెలోనే ఉంటుంది. డాష్‌బోర్డు మీద కనిపించే గుండీ ప్రతిసారీ ఇదే కానక్కర్లేదు. ఏసీ కోసం ఎండ వేడిమి చూసే సెన్సర్ కావచ్చు, దొంగతనం అలారం లైటు కావచ్చు. తప్పు గుండీని మూసి "పనిచేయలేదు" అని తేల్చేస్తే తర్వాతి పనంతా వృథా.

దొరికాక దాని మీద ఏముందో చూడండి. డాష్‌బోర్డు మీద పరిచే మ్యాట్, కాగితాలు, కళ్లద్దాలు, బొమ్మలు దాన్ని కప్పేస్తే పట్టపగలే హెడ్‌లైట్లు వెలుగుతాయి. చీకటి పడినా వెలగకపోవడానికి ఇవి కారణం కావు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. సెన్సర్‌ను ఏది కప్పినా లైట్లు ముందే వెలుగుతాయి తప్ప ఆలస్యం కావు.

2. నల్లగుడ్డ పరీక్ష చేయండి. పగలు, ఆరుబయట, ఇంజన్ నడుస్తుండగా చేయాలి. కొన్ని కార్లు ఇంజన్ ఆన్ కానిదే ఆటోలో హెడ్‌లైట్లు వేయవు. హెడ్‌లైట్ స్విచ్ ఆటోలో, వైపర్ లివర్ ఆఫ్‌లో ఉంచండి. మడతపెట్టిన గుడ్డతో సెన్సర్‌ను పూర్తిగా కప్పండి. సెన్సర్ అద్దం వెనక ఉంటే గుడ్డను బయటి నుంచి అద్దం మీద ఒత్తి పట్టుకోవాలి. అరచెయ్యి చాలదు, వేళ్ల సందుల్లోంచి వచ్చే వెలుగే సెన్సర్‌కు పగలులా తోస్తుంది. పల్చటి గుడ్డతోనూ అదే ఇబ్బంది.

పది సెకన్లు ఆగండి. ఆకుపచ్చ గుర్తు వెలిగిందా? బయట ఉన్న మనిషిని వెనకవైపు నిలబెట్టి ఎర్ర దీపాలు వెలిగాయా అని అడగండి. ఎండలో ముందు దీపాలను చూసి తేల్చుకోవడం కష్టం, వెనక దీపాల విషయంలో పొరపాటు పడే అవకాశం తక్కువ.

3. ఫలితాన్ని ఇలా చదవండి. వెలిగాయంటే సెన్సర్, వైరు, స్విచ్, దీపాలు అన్నీ బాగున్నట్టే. మీరు కోరుకున్న వేళకు వెలగకపోవడం లోపం కాదు, అది హద్దుల సంగతి. నాలుగో మెట్టుకు వెళ్లండి.

వెలగలేదంటే స్విచ్‌ను చేత్తో లోబీమ్‌కు తిప్పండి. అప్పుడూ వెలగకపోతే సమస్యకు ఆటోతో సంబంధం లేదు, ఫ్యూజో బల్బో చూడాలి. చేత్తో వెలిగి, గుడ్డ కప్పితే వెలగకపోతే ముందు మీరు కప్పింది సరైన గుండీయేనా అని మరోసారి చూడండి. అదీ సరిగ్గానే ఉంటే సెన్సర్, దాని వైరు, స్విచ్‌లోని ఆటో స్థానం, ఈ మూడింట్లో ఒకటి. ఇక్కడ స్కానర్ పనికొస్తుంది. స్క్రీన్ మీద సెన్సర్ విలువ చూస్తూ గుడ్డ కప్పి తీస్తుంటే ఆ విలువ మారాలి. మారుతుంటే సెన్సర్ బతికే ఉంది. స్విచ్ స్థానం కూడా అదే స్క్రీన్‌లో కనిపిస్తుంది.

ఒక మెలిక ఉంది. సెన్సర్ చెడిపోతే చాలా కార్లు హెడ్‌లైట్లను ఆర్పి కూర్చోవు, వేసి ఉంచుతాయి. చీకట్లో వెళ్లడం కంటే పగలు వెలుగుతూ వెళ్లడం నయమని అలా తయారుచేస్తారు. కాబట్టి "ఆటోలో పెడితే ఎప్పుడూ వెలుగుతూనే ఉన్నాయి" అన్న ఫిర్యాదు వింటే సెన్సర్‌ను అనుమానించండి. "పొగమంచులో వెలగలేదు" అంటే అనుమానించకండి.

4. హద్దులు తెలుసుకోండి. ఐక్యరాజ్యసమితి 48వ వాహన నిబంధన ఆటోమేటిక్ లోబీమ్‌కు అంకెలు పెట్టింది. బయటి వెలుగు 1000 లక్స్ కంటే తగ్గితే 2 సెకన్లలోపు వెలగాలి. 7000 లక్స్ దాటితే ఆరిపోవాలి. ఈ రెండింటి మధ్య ఏం చేయాలన్నది తయారీదారు ఇష్టం. అందుకే ఒకే సాయంత్రం ఒకే రోడ్డు మీద ఒక కారు ముందు వెలుగుతుంది, ఇంకొకటి పది నిమిషాల తర్వాత వెలుగుతుంది. రెండూ సరిగ్గానే ఉన్నట్టు.

ఇప్పుడు పొగమంచును తీసుకోండి. పొద్దున ఎనిమిదింటికి దట్టంగా కమ్మింది, ముందున్న బండి కనిపించడం లేదు. కానీ పైనుంచి సూర్యకాంతి మంచులో చెదిరి నలువైపులా తెల్లగా పరుచుకుంటుంది. సెన్సర్ కొలిచేది వెలుతురును, ఎంత దూరం కనిపిస్తోందన్నదాన్ని కాదు. దాని లెక్కలో అది నిండు పగలు. పగటి వాన, దుమ్ము, పొగ కూడా అంతే. ఏ సెన్సర్ మార్చినా ఇది మారదు. ఇలాంటప్పుడు స్విచ్‌ను మీరే లోబీమ్‌కు తిప్పాలి, వేరే మార్గం లేదు.

కొన్ని కార్లలో వానకు ఒక వెసులుబాటు ఉంది. వైపర్లు కొంతసేపు ఆగకుండా తిరిగితే హెడ్‌లైట్లు వాటంతటవే వెలుగుతాయి. అయితే హెడ్‌లైట్ స్విచ్ ఆటోలో ఉండాలి. చాలావాటిలో ఒకసారి తుడిచి ఆగితే సరిపోదు, అందుకే తుంపర్లలో ఇది అక్కరకు రాదు.

సాయంత్రం మరీ ఆలస్యంగా వెలుగుతున్నాయనిపిస్తే, కారు సెట్టింగుల్లో హెడ్‌లైట్ సెన్సిటివిటీ ఉందేమో చూడండి. ఉంటే ఒక్క మెట్టు పెంచి రెండు సాయంత్రాలు గమనించండి.

5. ఆరడానికి సమయం ఇవ్వండి. గుడ్డ తీయగానే లైట్లు ఆరకపోతే కంగారుపడకండి. అదే నిబంధన ప్రకారం ఆరడానికి 5 సెకన్ల కంటే ఎక్కువ, 300 సెకన్ల లోపు సమయం తీసుకోవచ్చు. చెట్ల నీడలోంచి వెళ్తుంటే టపటపా వెలిగి ఆరకుండా ఉండేందుకే ఈ ఆలస్యం. ఐదు నిమిషాలు దాటినా ఎండలో ఆరకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఇక వైపర్లు

వాన సెన్సర్ పనితీరు రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. అది అద్దం లోపలి నుంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఏటవాలుగా పంపుతుంది. అద్దం బయటివైపు పొడిగా ఉంటే ఆ కాంతి అక్కడ తగిలి తిరిగి లోపలికి వస్తుంది. నీటి చుక్క ఉంటే అందులోంచి కొంత బయటికి జారిపోతుంది, తిరిగొచ్చేది తగ్గుతుంది. తగ్గిన కొద్దీ వాన అని లెక్క. అంటే ఆ చిన్న జాగా మీద చుక్క పడకపోతే మిగతా అద్దమంతా తడిసినా దానికి తెలియదు. ముందు లారీ చిమ్మిన నీళ్లు అద్దం కింది సగాన్నే తడిపితే వైపర్ ఊరకే ఉండటానికి కారణం ఇదే.

6. ఆటో నిజంగా ఆన్‌లో ఉందో లేదో తేల్చుకోండి. లివర్ ఆ స్థానంలో ఉంది కదా అని వదిలేయకండి. కొన్ని కార్లలో ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఒక నిమిషం దాటితే ఆటో రద్దవుతుంది. లివర్ అక్కడే ఉన్నా, మళ్లీ ఒకసారి నొక్కితే గానీ పని మొదలుపెట్టదు. పొడి అద్దం మీద వైపర్ హఠాత్తుగా తిరగకుండా, గ్యారేజీలో ఎవరికీ తగలకుండా పెట్టిన ఏర్పాటు ఇది. రోజూ పొద్దున్నే పనిచేయక, ఒకసారి లివర్ కదిపాక బాగుపడుతుంటే మీ సమస్య ఇదే. మరమ్మతు అక్కర్లేదు.

లివర్‌ను ఆఫ్‌కు తెచ్చి, మళ్లీ ఆటోలో పెట్టండి. చాలా కార్లలో ఇక్కడ వైపర్ ఒకసారి ఊగుతుంది. ఊగితే స్విచ్, మోటారు, మధ్యలో ఉన్న కంట్రోల్ బాగున్నాయి. వానను సెన్సర్ చూస్తోందని మాత్రం దీనితో రుజువు కాదు. ఊగకపోతే మాన్యువల్‌లో మీ కారుకు ఈ ఊపు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే అనుమానించండి.

లివర్ మీది తిప్పుడు రింగును కూడా చూడండి. అది సెన్సిటివిటీ. ఏ వైపు తిప్పితే పెరుగుతుందో తెలియక తగ్గించి పెట్టుకున్నవాళ్లు చాలామంది. ఒక్కో మెట్టూ తిప్పి చూడండి. కొన్ని కార్లలో పెంచినప్పుడు వైపర్ ఒకసారి ఊగుతుంది, తగ్గించినప్పుడు ఊగదు. అలా దిక్కు తెలిసిపోతుంది. లివర్ మీద AUTO బదులు INT అని మాత్రమే ఉంటే, మీ మోడల్‌లో అసలు వాన సెన్సర్ ఉందో లేదో చూసుకోవాలి. సెన్సర్ లేని కారులో ఆ రింగు తుడుపుల మధ్య విరామాన్ని మార్చేది మాత్రమే.

మరీ వేడి, మరీ చలి కూడా అడ్డుపడతాయి. ఎండలో గంటలకొద్దీ నిలిపిన కారులో అద్దం వెనక సెన్సర్ బాగా కాగిపోతుంది. కొన్ని కార్ల మాన్యువల్స్ 90 డిగ్రీలు దాటినా, సున్నాకు 15 డిగ్రీలు కిందికి దిగినా ఆటో పనిచేయకపోవచ్చని చెబుతాయి. చల్లబడ్డాక మళ్లీ చూడండి.

7. స్ప్రే పరీక్ష చేయండి. అద్దం పొడిగా, శుభ్రంగా ఉండాలి. ముందు టార్చితో బయటి నుంచి చూసి, రియర్‌వ్యూ అద్దం వెనక ఉన్న సెన్సర్ సరిగ్గా ఎక్కడ ఆనుకుని ఉందో గుర్తుపట్టండి. నల్లటి చుక్కల అంచు మధ్య చిన్న కిటికీలా కనిపిస్తుంది. పక్కనే కెమెరా ఉంటే దానికి వేరే కిటికీ ఉంటుంది, రెంటినీ కలపకండి.

ఇంజన్ నడవాలి, గేరు పార్క్‌లో లేదా న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఒకరు లోపల కూర్చుని సెన్సిటివిటీని గరిష్ఠానికి పెట్టి ఆటో ఆన్ చేయాలి. బయట ఉన్నవారు కారు పక్కన నిలబడి, వైపర్ దారికి దూరంగా ఉంటూ, ఆ కిటికీ మీద ఒక్కసారి స్ప్రే కొట్టాలి. రెండు మూడు సెకన్లు ఆగి రెండోసారి. బకెట్‌తో పోయకండి. నీళ్లు ఒకే పొరలా జారిపోతే వాన ఎలా ఉంటుందో తెలియదు. మనకు కావలసింది చుక్కలు.

కొన్ని కార్లు ఆగి ఉన్నప్పుడు, న్యూట్రల్‌లో ఉన్నప్పుడు కావాలనే వైపర్‌ను ఆపుతాయి. కార్ వాష్‌లో విరిగిపోకుండా ఉండేందుకు. స్ప్రేకు కదలకపోతే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, గేరు డ్రైవ్‌లో పెట్టి ఇంకోసారి చూడండి. అప్పుడు బయటి మనిషి కారు ముందుకు అస్సలు రాకూడదు, పక్కనే ఉండాలి.

8. వచ్చిన ఫలితం ఏం చెబుతోంది? ఒకటి రెండు స్ప్రేలకే తుడిస్తే సెన్సర్ బాగుంది. రోడ్డు మీద ఆలస్యం చేస్తుంటే సెన్సిటివిటీ పెంచడమే మందు. అద్దానికి నీళ్లు నిలవకుండా చేసే పూత ఏదైనా వేయించారా? ఆ పూత మీద చుక్కలు గుండ్రంగా ముడుచుకుని, వేగంలో ఎగిరిపోతాయి. సెన్సర్ కిటికీ మీద ఎక్కువసేపు నిలవవు. రింగు ఒక మెట్టు పెంచండి. చాలకపోతే ఆ కిటికీ మేర మాత్రం గ్లాస్ పాలిష్‌తో పూత తీసేయించండి.

పొడి అద్దం మీద ఆగకుండా తుడుస్తుంటే ముందు వైపర్ రబ్బరును చూడండి. అరిగిన రబ్బరు ప్రతి ఊపుకూ కిటికీ మీద పల్చటి నీటి పొర వదిలిపోతుంది. సెన్సర్ దాన్ని వాన అనుకుని మళ్లీ పిలుస్తుంది, అది మళ్లీ పొర వదులుతుంది. రాయి తగిలిన చిన్న గాటు సరిగ్గా కిటికీ మీద ఉన్నా ఇదే తంతు.

ఐదారు స్ప్రేలకు గానీ కదలకపోయినా, అసలే కదలకపోయినా తొమ్మిదో మెట్టుకు రండి.

9. అద్దానికీ సెన్సర్‌కూ మధ్య చూడండి. వైపర్ ఆఫ్ చేయండి. బయటి నుంచి టార్చి ఏటవాలుగా వేసి కిటికీలోకి చూడండి. సెన్సర్‌కూ అద్దానికీ మధ్య పారదర్శకమైన జెల్ పొర ఉంటుంది. అది అంతటా ఒకే తీరుగా నల్లగా, తడిసినట్టు కనిపించాలి. వెండిలా మెరిసే మచ్చలు, బుడగలు, వెంట్రుకలా సాగిన గీతలు కనిపిస్తే అక్కడ గాలి చేరింది. గాలి ఉన్నచోట కాంతి అద్దం బయటి అంచు దాకా చేరకుండానే వెనక్కి తిరుగుతుంది. బయట ఎంత వాన పడినా తిరిగొచ్చే కాంతి మారదు, వైపర్ కదలదు.

బుడగల్లేకపోతే, కిటికీ మీద ఏముందో చూడండి. టోల్ స్టిక్కర్, డ్యాష్‌కామ్ అంటించిన ప్యాడ్, లోపలి వైపు వేసిన సన్ ఫిల్మ్. ఫిల్మ్ వేసేటప్పుడు సెన్సర్‌ను ఊడదీసి, ఫిల్మ్ మీదే మళ్లీ అతికిస్తే ఆ కాంతికి అడ్డు పడుతుంది. వేడిని ఆపే ఫిల్మ్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపడానికే పుట్టింది, సెన్సర్ వాడేదీ అదే. కిటికీ మేర ఫిల్మ్ కోసి తీసేయాల్సిందే.

10. కరెంటు అందుతోందా? ఫోను కెమెరాతో ముందు టీవీ రిమోట్ కొన చూడండి. బటన్ నొక్కినప్పుడు ఊదారంగు మెరుపు కనిపిస్తే ఆ కెమెరా ఇన్‌ఫ్రారెడ్‌ను చూడగలదు. అదే కెమెరాతో, ఆటో ఆన్‌లో ఉండగా, కాస్త చీకట్లో సెన్సర్ కిటికీని చూడండి. మినుకుమినుకు కనిపిస్తే కరెంటు అందుతోంది. కనిపించకపోతే మాత్రం ఏమీ తేల్చకండి, కొన్ని సెన్సర్ల కాంతి ఫోనుకు అందదు. అప్పుడు ఫ్యూజు, తర్వాత కనెక్టరు. చాలా సెన్సర్లకు మూడే వైర్లు: 12 వోల్ట్‌లు, ఎర్త్, సమాచారం తీసుకెళ్లే వైరు ఒకటి.

ఒక కారును తీసుకుని చూద్దాం

ముందు అద్దం పగిలి కొత్తది వేయించారు. రెండు వారాల తర్వాత ఫిర్యాదు: జోరువానలో వైపర్ తిరుగుతోంది, తుంపర్లలో కదలడం లేదు. ఈ కారులో వెలుగు సెన్సర్, వాన సెన్సర్ ఒకే పెట్టెలో ఉన్నాయి. డాష్‌బోర్డు మీద పసుపు హెచ్చరిక ఏదీ లేదు.

మొదటి ప్రశ్న హెడ్‌లైట్ల గురించి. సాయంత్రం వేళకే వెలుగుతున్నాయి. నల్లగుడ్డ కప్పినా వెలిగాయి. అంటే పెట్టెకు కరెంటు అందుతోంది, సమాచారం వైరు కూడా బాగుంది. ఫ్యూజు, కనెక్టరు వెతకాల్సిన పని తప్పింది. రెండోది, లివర్ ఆటోలో పెట్టగానే వైపర్ ఊగింది. స్విచ్, మోటారు లెక్కలోంచి పోయాయి. మూడోది స్ప్రే. గరిష్ఠ సెన్సిటివిటీలో ఆరు స్ప్రేల దాకా చలనం లేదు, ఏడోదానికి ఒకసారి తుడిచి ఆగింది.

ఇక మిగిలింది అద్దానికీ సెన్సర్‌కూ మధ్య జాగా. టార్చి వేస్తే పెసరగింజంత బుడగ ఒకటి, దాని పక్కన నాలుగైదు చిన్నవి, దుమ్ము నూగు కనిపించాయి. పాత అద్దం నుంచి తీసిన జెల్ ప్యాడ్‌నే కొత్త అద్దానికి అతికించారు. మామూలు వెలుతురు బుడగల్లోంచి కూడా లోపలికి వచ్చేస్తుంది, అందుకే హెడ్‌లైట్లకు ఏ ఇబ్బందీ లేదు. వానను పసిగట్టే కాంతికి మాత్రం గాలి గోడలాంటిది. ఒకే పెట్టెలో ఒకటి పనిచేసి ఇంకొకటి చేయకపోవడమే ఇక్కడ అసలు ఆనవాలు.

మార్చే పద్ధతి ఇది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి కొన్ని నిమిషాలు ఆగండి. రియర్‌వ్యూ అద్దం వెనక ప్లాస్టిక్ మూత తీయండి. పక్కన కెమెరా ఉంటే దాన్నీ దాని బ్రాకెట్‌నూ ముట్టుకోకండి, కదిలితే మళ్లీ క్యాలిబ్రేషన్ చేయించాలి. సెన్సర్‌ను పట్టి ఉంచే క్లిప్పులు ఊడదీసి మెల్లగా అద్దం నుంచి వేరు చేయండి. పాత జెల్ పూర్తిగా తీసి, అద్దం లోపలివైపునూ సెన్సర్ ముఖాన్నీ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. కొత్త ప్యాడ్ మీ సెన్సర్ పార్ట్ నంబరుకు సరిపోయేదే తీసుకోవాలి. ఒకవైపు రక్షణ పొర తీసి, వేళ్లు తగలకుండా ఒక అంచు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పరుస్తూ సెన్సర్‌కు అతికించండి. ఇంకోవైపు పొర తీసి, సెన్సర్‌ను నేరుగా అద్దానికి ఆనించి క్లిప్పులు వేయండి. ఒకసారి ఆనించాక పీకి మళ్లీ పెట్టకండి, బుడగలు చేరేది అప్పుడే. పారదర్శక టేపు, సిలికాన్ సీలెంట్, సూపర్ గ్లూ ఏవీ జెల్‌కు బదులు కావు.

కొన్ని సెన్సర్లు శుభ్రమైన పొడి అద్దం మీద ఇగ్నిషన్ ఆన్ చేయగానే తమంతట తామే కొత్త అద్దాన్ని అలవాటు చేసుకుంటాయి. కొన్నిటికి స్కానర్‌తో క్యాలిబ్రేషన్ చేయాలి. ఈ కారులో ప్యాడ్ మార్చాక మొదటి స్ప్రేకే వైపర్ కదిలింది.

జెల్ నిక్షేపంగా ఉండి, క్యాలిబ్రేషన్ చేసినా కదలకపోతే అద్దాన్నే అనుమానించాలి. వేడిని తిప్పికొట్టే పూత ఉన్న అద్దాల్లో సెన్సర్ మేర ఆ పూత లేకుండా వదులుతారు. మీ మోడల్‌కు చెందని అద్దం వేస్తే ఆ ఖాళీ ఉండదు, ఉన్నా వేరేచోట ఉంటుంది. అద్దం మూలన ముద్రించిన వివరాలను పార్ట్ నంబరుతో సరిచూడమని బిగించినవాళ్లను అడగండి. సెన్సర్ కొనే ముందు చేయాల్సిన పని ఇది.

బాగుపడిందో లేదో చూసుకోవడం

గరిష్ఠ సెన్సిటివిటీలో ఒక స్ప్రేకు తుడిస్తే చాలనుకోకండి. మధ్య మెట్టులో పెట్టి మళ్లీ చేయండి. రెండు మూడు స్ప్రేల్లో కదలాలి. తర్వాత స్ప్రే ఆపేయండి. అద్దం ఆరాక వైపర్ కూడా ఆగిపోవాలి. ఎండిన అద్దం మీద తిరుగుతూనే ఉంటే రబ్బరునూ కిటికీ మీది గాట్లనూ మళ్లీ చూడండి.

జెల్ మార్చి ఉంటే, కారును రెండు మూడు రోజులు ఎండలో తిప్పాక టార్చి వేసి కిటికీని ఇంకోసారి చూడండి. వేడికి అంచుల నుంచి గాలి లోపలికి పాకితే అప్పుడు తెలుస్తుంది. అంచున చిన్న మచ్చ ఉండి మధ్యభాగం శుభ్రంగా ఉంటే స్ప్రే పరీక్ష ఫలితాన్ని బట్టి నిర్ణయించుకోండి. మధ్యకు పాకితే ప్యాడ్ మళ్లీ మార్చాల్సిందే. కార్ వాష్‌కు వెళ్లే ముందు లివర్ ఆఫ్‌కు తేవడం మరవకండి. బాగుచేసిన సెన్సర్ అక్కడి బ్రష్షు నీళ్లను కూడా వాన కిందే లెక్క వేస్తుంది.